రోజుకు మూడే పనులు అనుకున్నాం, అయినా మూడో రోజుకు మంచం పడుతోంది

మల్కాజిగిరి శ్రీధర్ | సోమవారం రాత్రి 9:40

మా ఆవిడకు సెప్టెంబర్‌లో డెంగీ వచ్చింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్లేట్‌లెట్స్ 28 వేలకు పడిపోయాయి కానీ ఎక్కించాల్సిన అవసరం రాలేదు, వాటంతట అవే పెరిగాయి. ఇంటికొచ్చి ఆరు వారాలు దాటింది. రిపోర్టులు బాగానే ఉన్నాయట. డాక్టరు గారు రెస్ట్ తీసుకోమన్నారు, విటమిన్ మాత్రలు రాశారు.

తను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. వయసు 39. ఇంతకుముందు పొద్దున ఐదింటికి లేచి టిఫిన్, బాక్సులు, స్కూలు, సాయంత్రం ట్యూషన్ అన్నీ చేసేది. ఇప్పుడు రోజుకు మూడు పనుల కంటే ఎక్కువ వద్దని ఇద్దరం అనుకుని ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాం. సోమవారం టిఫిన్, పాప హోంవర్క్, బట్టలు మడతపెట్టడం. మంగళవారం కూడా అంతే. బుధవారం చాలా హుషారుగా ఉంది. శుక్రవారం పొద్దున మాత్రం లేవలేకపోయింది. ఒళ్లంతా నొప్పులు, జ్వరం వచ్చినట్టే ఉందంటుంది, థర్మామీటర్ పెడితే 98.4. పాపతో మాట్లాడుతూ మధ్యలో మాట మర్చిపోయింది. రెండు రోజులు పడుకుంటే తేరుకుంది. ఇలా జరగడం ఇది మూడోసారి.

మూడు పనులే కదా, ఎక్కడ తప్పు చేస్తున్నాం?

రమాదేవి కూకట్‌పల్లి | సోమవారం రాత్రి 10:05

అయ్యో. ఇప్పుడు ప్లేట్‌లెట్స్ ఎంత ఉన్నాయి బాబూ? బొప్పాయి ఆకు రసం పొద్దున పరగడుపున రెండు చెంచాలు ఇవ్వండి. మా తోటికోడలికి లక్ష దాటాయి.

మల్కాజిగిరి శ్రీధర్ | సోమవారం రాత్రి 10:12

ఇప్పుడు 2 లక్షల 30 వేలు ఉన్నాయండీ. ఆ బాధ తీరిపోయింది. ఇప్పుడున్నది నీరసం.

వాకర్ రావు | మంగళవారం ఉదయం 6:15

శ్రీధర్ గారూ, ఏమీ అనుకోకండి, మీరు మరీ జాగ్రత్త పడుతున్నారు. నాకు 2019లో బైపాస్ అయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికే వరండాలో నడవడం మొదలుపెట్టాను, రోజుకు వంద అడుగులు పెంచుకుంటూ పోయాను. ఇప్పుడు నెక్లెస్ రోడ్డులో రోజూ ఐదు కిలోమీటర్లు. పడుకుంటే కండ కరిగిపోతుంది. పొద్దునా సాయంత్రం నడిపించండి. మొదట్లో ఆయాసం వస్తుంది, పట్టించుకోవద్దు.

ఫిజియో లలిత | మంగళవారం మధ్యాహ్నం 1:30

శ్రీధర్ గారూ, నేను ఇరవై రెండేళ్లు ఫిజియోథెరపీ చేసి రిటైరయ్యాను. సలహా చెప్పే ముందు రెండు సంగతులు కావాలి.

ఒకటి, హుషారుగా ఉందన్న ఆ బుధవారం ఆవిడ ఏమేం చేశారో నిద్ర లేచినప్పటి నుంచి మొత్తం రాయండి. కాగితం మీద ఉన్న మూడు పనులు కాదు. స్నానం, మెట్లు, ఫోను, ఇంటికొచ్చిన వాళ్లు, అన్నీ. నిలబడి చేశారా, కూర్చుని చేశారా అన్నది కూడా రాయండి.

రెండు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూపించారా?

మల్కాజిగిరి శ్రీధర్ | మంగళవారం రాత్రి 10:20

తనని అడిగి రాశాను. రాస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది.

కార్తీకమాసం కదా, ఐదున్నరకు లేచి తలస్నానం. గీజరు నీళ్లు బకెట్‌లోకి పట్టుకుని తనే మోసుకుంది. తడి జుట్టుతో తులసి దగ్గర దీపం. తర్వాత ఉప్మా (కాగితం మీద మొదటి పని). పాపకు జడ. మంజీరా నీళ్లు వచ్చాయని కిందికి దిగి మోటారు వేసి మళ్లీ పైకి. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. పదకొండింటికి మా చెల్లెలు ఫోను, నలభై నిమిషాలు. బట్టలు మడత (రెండో పని). ఒంట్లో బాగుందని పూజగది సర్దింది. సాయంత్రం పక్కింటివాళ్లు చూడటానికొచ్చారు, టీ పెట్టింది. హోంవర్క్ (మూడో పని). రాత్రి గిన్నెలు నేను తోమాను, తను పక్కన నిలబడి తుడిచింది.

హిమోగ్లోబిన్ 10.8, థైరాయిడ్ నార్మల్. బి12 చూపించలేదు.

ఫిజియో లలిత | బుధవారం ఉదయం 11:10

చూశారా, కాగితం మీద మూడు, ఒంటి మీద పన్నెండు. ఆవిడ మాట తప్పలేదు. మీ ఇద్దరి లెక్కలో స్నానం పని కాదు, ఫోను పని కాదు, మెట్లు పని కాదు. అందుకే వచ్చింది చిక్కు.

ఇంకో సంగతి. బుధవారం చేసినదానికి గురువారం కాక శుక్రవారం పడిపోయారు. ఇలాంటి నీరసం చాలామందిలో వెంటనే కనపడదు. ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఆగి కొడుతుంది. గురువారం బాగానే ఉండటంతో బుధవారం చేసింది ఒంటికి సరిపడిందని అనుకుంటారు. అందుకే పడిపోయిన రోజున అంతకుముందు రెండు రోజులూ ఏం చేశారో చూడాలి.

ఇప్పుడు ఇలా చేయండి. మూడు పనులు అన్నది ఉంచండి, పని సైజు తగ్గించండి. టిఫిన్ అన్నది ఒక పని కాదు. ఉల్లిపాయ తరగడం ఒకటి, పోపు వేయడం ఒకటి, స్టవ్ దగ్గర నిలబడి కలపడం ఒకటి, ఆ గిన్నె కడగడం ఇంకొకటి. వాటిలో కూర్చుని చేయగలిగింది ఒకటి ఆవిడకు వదలండి, మిగతావి ఇంట్లో వాళ్లు చేయాలి. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ఫోనులో టైమర్ పెట్టండి. బెల్లు మోగిందా, ఉల్లిపాయ సగంలో ఉన్నా కత్తి కింద పెట్టాలి. అలసట వచ్చాక ఆపితే ఆలస్యమైనట్టే.

ఐదు నిమిషాలే ఎందుకంటే, లెక్క హుషారుగా ఉన్న రోజును బట్టి వేయకూడదు. ఒంట్లో బాగోని రోజున కూడా ఇబ్బంది లేకుండా ఎంత చేయగలరో అదే కొలత. మొన్న ఆదివారం, అంటే పడిపోయిన మూడో రోజు, ఆవిడ ఏం చేయగలిగారు?

మల్కాజిగిరి శ్రీధర్ | బుధవారం మధ్యాహ్నం 2:45

మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. పావుకిలో. సగం అయ్యాక పడుకుంది.

ఫిజియో లలిత | బుధవారం సాయంత్రం 4:00

అదే మీ కొలత. సగం చిక్కుడుకాయలు.

స్నానం గురించి విడిగా చెబుతాను, ఇళ్లలో దీన్నే మర్చిపోతారు. వేడి నీళ్లకు రక్తనాళాలు వదులవుతాయి, పైగా నిలబడి ఉంటాం, చేతులు తల మీదికి ఎత్తుతాం. జబ్బు నుంచి లేచినవాళ్లకు ఇది చాలా పెద్ద పని. రోజు మార్చి రోజు చేయండి, మధ్య రోజు తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుంటే చాలు. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, గోరువెచ్చని నీళ్లతో, బకెట్ మీరు పట్టి పెట్టాక. స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు పడుకోవాలి. తలస్నానం చేసిన రోజు ఉదయం కోటా అయిపోయినట్టే, ఇంకో పని పెట్టొద్దు. దీపం మీ అమ్మగారు పెడితే దేవుడేమీ అనుకోడు.

పనికీ పనికీ మధ్య పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవాలి. అలసట లేకపోయినా సరే. ఇలా ఏడు రోజులు ఏమీ పెంచకండి. బాగున్న రోజున కూడా ఐదు నిమిషాలే. అన్నిటికంటే కష్టమైంది ఇదే.

వాకర్ రావు | బుధవారం సాయంత్రం 6:30

మేడం, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ ఐదు నిమిషాలు కూర్చుని చిక్కుడుకాయలు ఒలిస్తే మనిషి ఎప్పటికి లేస్తుంది? నాకు డాక్టరే నడవమన్నాడు.

ఫిజియో లలిత | బుధవారం రాత్రి 8:15

రావు గారూ, మీ విషయంలో ఆయన చెప్పింది సరైనదే. నేనూ ఆపరేషన్ అయినవాళ్లను వందల మందిని మంచం దింపి నడిపించాను. మంచం మీదే ఉండి కండ తగ్గినవాళ్లకు కదలికే మందు. వాళ్లకు నడిచిన సాయంత్రం కాళ్లు లాగుతాయి, రాత్రి నిద్రపోతే పొద్దునకు తేలిపోతుంది, వారం వారం తేడా కనబడుతుంది.

ఈవిడది వేరే తీరు. ఎక్కువ చేసిన రెండో రోజు ఒళ్లునొప్పులు, మాట తట్టకపోవడం, నిద్రపోయినా తగ్గకపోవడం. అలాంటప్పుడు రోజుకింత అని పెంచితే ఇంకా పడిపోతారు. శ్రమ చేస్తే ముదిరే దీర్ఘకాల నీరసం జబ్బు ఒకటుంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ దానికి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వ్యాయామం రోజురోజుకూ పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దంది. ఈవిడకు ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు, డెంగీ తర్వాత నీరసం చాలామందికి వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గేదాకా తోయొద్దు అంటున్నానంతే.

మీరు చెప్పినదాంట్లో ఒకటి నిజం. రోజంతా పడుకోబెట్టడమూ మంచిది కాదు. మంచం మీదే మడమలు తిప్పడం, దిండ్లు ఆనించుకుని కూర్చుని తినడం, బాత్రూంకు తనే వెళ్లడం, ఇవి ఉండాలి.

నాచారం సునీత | బుధవారం రాత్రి 9:50

నా సంగతి చెప్పనా. టైఫాయిడ్ తగ్గాక నాలుగు నెలలు ఇలాగే ఉన్నాను. అందరూ జ్వరం తాలూకు నీరసం అన్నారు, నేనూ అదే నమ్మాను. మెట్లెక్కితే గుండె దడ. చివరికి చూస్తే హిమోగ్లోబిన్ 7.9. నెలసరి ఎక్కువగా అవుతుండేది, దాన్ని ఎవరూ అడగలేదు. ఐరన్ మొదలుపెట్టాక రెండు నెలల్లో మనిషినయ్యాను. శ్రీధర్ గారూ, 10.8 కూడా ఆడవాళ్లకు తక్కువే. రిపోర్టులు బాగానే ఉన్నాయన్నారని వదిలేయకండి.

ఫిజియో లలిత | బుధవారం రాత్రి 10:05

సునీత గారి మాట వినండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ అంకె మీరే ఎత్తి అడగండి, బి12 కూడా చూడమనండి. జ్వరం మళ్లీ రావడం, ఛాతీలో నొప్పి, ఊరకే కూర్చున్నా ఆయాసం, కాళ్ల వాపు, బరువు తగ్గిపోవడం, వీటిలో ఏది కనబడినా ఈ చర్చ పక్కన పెట్టి వెంటనే వెళ్లాలి.

మాదాపూర్ కిరణ్ | గురువారం మధ్యాహ్నం 12:20

అన్నా, స్మార్ట్ వాచ్ కొనేయ్. నాకు కోవిడ్ తర్వాత ఇదే పరిస్థితి. కదలకుండా ఉన్నప్పటి పల్స్ కంటే 15 ఎక్కువైతే వాచ్ వైబ్రేట్ అయ్యేలా పెట్టుకున్నా. మోగితే ఆపేయడమే. ఎక్సెల్ షీట్ కూడా ఉంది, కావాలంటే పంపిస్తా.

ఫిజియో లలిత | గురువారం మధ్యాహ్నం 3:00

15 అన్నది కొందరు వాడే లెక్కే, పనికొస్తుంది. బీపీకో గుండెకో పల్స్‌ను తగ్గించే మాత్రలు వాడేవాళ్లకు మాత్రం ఆ లెక్క కుదరదు. వాచ్ చూసి చూసి టెన్షన్ పడేవాళ్లనూ చూశాను, వాళ్లకు టైమరే మేలు.

శ్రీధర్ గారూ, ఇంట్లో కోవిడ్ నాటి ఆక్సీమీటర్ ఉంటే ఒక పని చేయండి. పది నిమిషాలు పడుకున్నాక పల్స్ చూడండి. తర్వాత గోడకు దగ్గరగా నిలబడి పది నిమిషాల పాటు రెండేసి నిమిషాలకు ఒకసారి చూడండి. మీరు పక్కనే ఉండాలి, తల తిరిగితే ఆపేయాలి. 30, ఆపైన పెరిగి అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాల్సిన సంగతి.

మల్కాజిగిరి శ్రీధర్ | శుక్రవారం రాత్రి 9:30

పడుకుంటే 78, నిలబడ్డాక పదో నిమిషానికి 102. తేడా 24. తల తిరగలేదు కానీ కాళ్లు బరువెక్కాయంది.

కాగితం మార్చాం. ఉదయం ఉల్లిపాయ ఒకటి (కూర్చుని), మధ్యాహ్నం నాలుగు జతల బట్టలు మడత, సాయంత్రం పాపకు రెండు లెక్కలు. బాక్సు నేను కడుతున్నాను, పాప రోజూ పెరుగన్నమేనా అంటోంది. మోటారు సంగతి కింది పోర్షన్ వాళ్లకు చెప్పాం.

మల్కాజిగిరి శ్రీధర్ | సోమవారం ఉదయం 11:40

నేను శ్రీధర్ గారి భార్యను, ఆయన ఫోనులోంచి రాస్తున్నాను. నా గురించి ఇంతమంది మాట్లాడుకుంటున్నారని నిన్ననే తెలిసింది.

ఒక విషయం చెప్పాలి. పని చేయకపోవడం కష్టం కాదు. బెల్లు మోగగానే ఉల్లిపాయ సగంలో వదిలి లేస్తే, మిగిలిన సగాన్ని మా అత్తయ్య మాట్లాడకుండా తీసుకుని తరుగుతారు చూడండి, అది కష్టం. ఆవిడకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒక్క మాట కూడా అనరు. అంటేనే బాగుండేదేమో. శనివారం ఆయన లేనప్పుడు రెండో ఉల్లిపాయ కూడా తరిగేశాను. కాగితం మీద రాయలేదు.

లలిత గారూ, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుంటే బుర్రలో స్కూల్లో మిగిలిపోయిన సిలబస్ తిరుగుతోంది. ఫోను చూసుకుంటూ పడుకోవచ్చా?

ఫిజియో లలిత | సోమవారం మధ్యాహ్నం 2:10

అమ్మా, రెండో ఉల్లిపాయ రాయండి. అది తప్పు చేసినందుకు కాదు, రేపో ఎల్లుండో ఒళ్లు నొప్పులొస్తే కారణం వెతకడానికి పనికొస్తుంది. అత్తగారి కోసం ఒక చిన్న మార్పు. ముందే సగం ఉల్లిపాయ ప్లేట్లో పెట్టుకోండి. అప్పుడు మీ పని పూర్తవుతుంది, సగంలో వదిలినట్టుండదు.

ఫోను వద్దు. చూడటం, చదవడం, జవాబివ్వడం కూడా పనే.

మాదాపూర్ కిరణ్ | సోమవారం మధ్యాహ్నం 2:40

ఇక్కడ నేను ఒప్పుకోను మేడం. నాకు ఏమీ లేకుండా పడుకుంటే పిచ్చెక్కేది. రేడియో పాటలు సన్నగా పెట్టుకుంటేనే రెస్ట్ దొరికేది. స్క్రీన్ వద్దు సరే, చెవులు కూడా మూసుకోవాలా?

ఫిజియో లలిత | సోమవారం మధ్యాహ్నం 3:05

తెలిసిన పాత పాటలైతే ఒకసారి ప్రయత్నించి చూడండి. వార్తలు వద్దు. మనిషి మనిషికీ తేడా ఉంటుంది, ఇది నేను గట్టిగా చెప్పలేను.

మల్కాజిగిరి శ్రీధర్ | శుక్రవారం రాత్రి 8:50

రెండు వారాలు పూర్తయ్యాయి. పడిపోలేదు. శనివారం నాటి రెండో ఉల్లిపాయకు మాత్రం సోమవారం రాత్రి మెడ నొప్పి వచ్చిందట, ఇప్పుడు చెబుతోంది. హిమోగ్లోబిన్‌కు డాక్టరు గారు ఐరన్ రాశారు, బి12 కూడా కొంచెం తక్కువే ఉంది.

మొదటి వారం ఏమీ పెంచలేదు. రెండో వారం ఉదయం పని ఒక్కటే ఐదు నుంచి ఏడు నిమిషాలు చేశాం. మిగతావి అలాగే.

ఇప్పుడో చిక్కు. ఆదివారం మా బంధువులంతా ఘట్‌కేసర్ దగ్గర తోటలో వనభోజనాలు పెట్టుకున్నారు. తను వస్తానంటోంది. రెండు నెలలుగా ఇల్లు దాటలేదు.

రమాదేవి కూకట్‌పల్లి | శుక్రవారం రాత్రి 9:10

తీసుకెళ్లండి బాబూ, ఉసిరి చెట్టు కింద కూర్చుంటే సగం జబ్బు పోతుంది.

వాకర్ రావు | శుక్రవారం రాత్రి 9:25

ఈసారి నేనే వద్దంటాను. మూడంతస్తులు దిగి, గంట కారు ప్రయాణం, నలభై మంది పలకరింపులు. నా బైపాస్ తర్వాత కూడా నన్ను బాగా అలసట పెట్టింది చూడటానికి వచ్చినవాళ్లే.

ఫిజియో లలిత | శుక్రవారం రాత్రి 10:00

వెళ్లాలా వద్దా అన్నది ఆవిడే తేల్చుకోవాలి. వెళ్తే మాత్రం ముందు రోజు, తర్వాత రెండు రోజులు కాగితం ఖాళీగా ఉండాలి. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ప్రతి అంతస్తులోనూ కుర్చీ వేసి రెండు నిమిషాలు కూర్చోబెట్టండి. కారులో సీటు వాల్చి పడుకోవాలి. అక్కడ గంటకు మించి ఉండొద్దు. వంటల దగ్గరికి అసలు వద్దు.

మల్కాజిగిరి శ్రీధర్ | బుధవారం రాత్రి 9:15

వెళ్లాం. గంటే అనుకున్నాం, గంటా నలభై నిమిషాలు అయింది, మా పెద్దమ్మ వదల్లేదు. మడత మంచం తీసుకెళ్లి చెట్టు కింద వేశాను, తను సగం సేపు పడుకునే మాట్లాడింది. సోమవారం బాగానే ఉంది. మంగళవారం తలనొప్పి, ఒళ్లు నొప్పులు, కానీ ఇదివరకటిలా మాట తట్టకపోవడం లేదు. ఈ రోజు సాయంత్రం లేచి పాపకు ఒక లెక్క చెప్పింది. ఏడు నిమిషాల నుంచి మళ్లీ ఐదుకు వచ్చాం.

స్కూలువాళ్లు డిసెంబర్ ఒకటిన చేరగలరా అని అడుగుతున్నారు. రోజుకు ఆరు పీరియడ్లు, బోర్డు ముందు నిలబడే చెప్పాలి. మూడు పీరియడ్లు, కుర్చీలో కూర్చుని, కింది అంతస్తు తరగతులకు ఇస్తారేమోనని రేపు నేనే వెళ్లి అడుగుతున్నాను. ఇక్కడ ఎవరైనా అలా ఒప్పించుకున్నవాళ్లుంటే, డాక్టరు సర్టిఫికెట్‌లో ఏమని రాయించారో చెప్పండి.